సర్వేకి ఎన్ని ఇళ్లు తిరగాలి? శాంపిల్ సైజు లెక్క వేయడం ఎలా

ఒక మున్సిపల్ వార్డులో 1,800 ఇళ్లు ఉన్నాయనుకుందాం. వాటిలో ఎన్ని ఇళ్లవాళ్లు తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి బండికి ఇస్తున్నారో తెలుసుకోవాలి. అన్ని ఇళ్లూ తిరిగే మనుషులు లేరు. కొన్ని ఇళ్లు చూసి వార్డు మొత్తానికి శాతం చెప్పాలి. ఆ "కొన్ని" ఎన్ని? చాలామంది వంద అనో, పది శాతం అనో చేతికొచ్చిన అంకె వేసేస్తారు. అలా వేయకుండా ఈ లెక్కని చిన్న కాగితం మీదే తేల్చుకోవచ్చు.

1. ప్రశ్నని అవును/కాదులోకి తెచ్చుకోండి

ఈ లెక్క "ఎంత శాతం" అనే ప్రశ్నకే పనికొస్తుంది. రోజుకి ఎన్ని కిలోల చెత్త వస్తుందన్న సగటు కావాలంటే సూత్రం వేరు. కాబట్టి ప్రతి ఇంటికీ అవును లేదా కాదు అని ఒక్క టిక్కు పడేలా ప్రశ్న ఉండాలి. "చెత్త వేరు చేస్తారా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే దాదాపు అందరూ చేస్తామనే అంటారు. "ఈ రోజు బండికి ఇచ్చే ముందు చూస్తే రెండు డబ్బాల్లో చెత్త వేరువేరుగా ఉందా?" అన్నది మన కళ్లతో తేల్చగలిగేది. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఎంత పెద్ద శాంపిల్ తీసినా సరికాదు.

2. ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో చెప్పండి

దీన్నే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ అంటారు. ±5 అంటే సర్వేలో 32 శాతం వస్తే అసలు సంఖ్య 27కీ 37కీ మధ్య ఉంటుందని చెప్పడానికి సిద్ధమన్నమాట. ఈ 5 అనేది శాతం పాయింట్లలో ఉంది. 32లో ఐదు శాతం అని కాదు. ఈ సంగతి మూడో మెట్టులో మళ్లీ అవసరపడుతుంది.

దాంతోపాటు నమ్మకం స్థాయి కూడా ఎంచుకోవాలి. మామూలుగా 95 శాతం తీసుకుంటారు. అంటే ఇదే పద్ధతిలో సర్వే మళ్లీమళ్లీ చేస్తే, వందలో 95 సార్లు మనం చెప్పిన హద్దుల్లోనే అసలు సంఖ్య ఉంటుంది. దీనికి వాడే గుణకం 1.96.

మార్జిన్ తగ్గించాలనే ఆశ ఖరీదైనది. సూత్రంలో అది వర్గం రూపంలో భాగహారంలో ఉంటుంది కాబట్టి, మార్జిన్ సగం చేస్తే శాంపిల్ నాలుగింతలవుతుంది. వార్డులో అవగాహన కార్యక్రమం పెట్టాలా వద్దా అని తేల్చడానికి 32 శాతమైనా 35 శాతమైనా ఒకటే. నిర్ణయం ఎక్కడ మారుతుందో చూసుకుని దాన్నిబట్టి మార్జిన్ పెట్టుకోండి.

3. తెలియని శాతం స్థానంలో సగం వేయండి

సూత్రం ఇది:

```
n = z² × p × (1 − p) / e²
```

ఇక్కడ n అంటే చూడాల్సిన ఇళ్ల సంఖ్య, z అంటే ఆ గుణకం 1.96, e అంటే మార్జిన్, అంటే 0.05. చిక్కంతా p దగ్గరే. p అంటే వేరు చేసే ఇళ్ల అసలు వాటా. అది తెలియకే కదా సర్వే చేస్తున్నాం! తెలుసుకోవలసిన సంఖ్యనే లెక్కలో ముందుగా అడుగుతోంది.

p × (1 − p) విలువ p మారేకొద్దీ ఎలా మారుతుందో చూస్తే దారి దొరుకుతుంది. p 10 శాతమైతే ఆ లబ్ధం 0.09. 20 అయితే 0.16, 30 అయితే 0.21, 40 అయితే 0.24, 50 దగ్గర 0.25. అక్కడి నుంచి మళ్లీ దిగుతుంది: 60 దగ్గర 0.24, 70 దగ్గర 0.21. పావు కంటే పైకి ఎప్పుడూ పోదు. బీజగణితంలో చూడాలంటే p(1 − p) అన్నది 1/4 − (p − 1/2)²కి సమానం. వర్గం ఎప్పుడూ రుణం కాదు కాబట్టి 1/4 నుంచి ఎంతో కొంత తీసేయడమే తప్ప కలిపేది ఏమీ ఉండదు.

కాబట్టి p స్థానంలో 0.5 వేస్తే అసలు వాటా ఎంతైనా సరిపోయే శాంపిల్ వస్తుంది. "సగం ఇళ్లు వేరు చేస్తున్నాయి" అని మనం ఊహించినట్టు కాదిది. జనం సరిగ్గా రెండుగా చీలినప్పుడే ఎవరు ఎటో చెప్పడం అన్నిటికన్నా కష్టం. ఆ కష్టమైన పరిస్థితికి సరిపడా తయారవుతున్నాం, అంతే.

లెక్క: 3.8416 × 0.25 = 0.9604. దాన్ని 0.0025తో భాగిస్తే 384.16. ఎప్పుడూ పైకే సవరించాలి కాబట్టి 385. స్ప్రెడ్‌షీట్‌లో అయితే:

```
=ROUNDUP(1.96^2*0.5*0.5/0.05^2, 0)
```

సర్వే రిపోర్టుల్లో తరచూ కనబడే 384, 385 అంకెల పుట్టుక ఇదే. మార్జిన్ ±3 అయితే 1,068, ±2 అయితే 2,401 వస్తాయి.

సగం బదులు వేరే అంకె వేయవచ్చా? వేయవచ్చు, కానీ ఎందుకు వేస్తున్నారో చెప్పగలగాలి. పక్క వార్డులో నిరుడు చేసిన లెక్క ఉండి, ఇక్కడ 10 నుంచి 20 శాతం మధ్య ఉంటుందని గట్టిగా చెప్పగలిగితే, ఆ హద్దుల్లో సగానికి దగ్గరగా ఉన్న 20 వేయండి. 246 ఇళ్లు చాలు. అదే ధీమాగా 10 వేసుకుంటే 139 వస్తుంది. తీరా అసలు వాటా 40 అయితే ఆ 139 ఇళ్లతో మార్జిన్ ±8 దాటిపోతుంది. ఇక 30 నుంచి 70 మధ్యలో ఎక్కడో ఉంటుందనుకుంటే సగం వదిలి లాభపడేది తక్కువ. 30 వేసినా 323 రానే వస్తుంది. పైగా ఒకే ఫారంలో పది ప్రశ్నలు ఉంటే ఒక్కో ప్రశ్నకి ఒక్కో శాతం వస్తుంది. సగంతో లెక్కవేసిన శాంపిల్ అన్నిటికీ సరిపోతుంది. నా దృష్టిలో సగం వాడటానికి పెద్ద కారణం ఇదే.

సగం కాపు కాయని చోటు కూడా ఒకటుంది. ఇంట్లోనే కంపోస్టు చేసుకునేవాళ్లు ఎందరన్నది ప్రశ్న అనుకోండి. బహుశా 2 శాతం ఉంటారు. 385 ఇళ్లు చూసి "2 శాతం, ప్లస్ ఆర్ మైనస్ 5" అంటే మైనస్ 3 శాతం ఇళ్లు అని చెప్పినట్టే. ఇక్కడ ±1 కావాలి. పట్టణమంతటికీ సర్వే అయితే 2 శాతం వేసి 753 ఇళ్లు వస్తాయి. సగం వేస్తే 9,604. ఇంకొకరు "అసలు విలువలో పదో వంతుకు మించి తప్పు ఉండకూడదు" అని అడిగారనుకోండి. అప్పుడు సగం వేయడం జాగ్రత్త కానే కాదు. వాటా 50 ఉంటే 385 చాలు గానీ, 10 శాతమే ఉంటే 3,458 కావాలి. అలాంటి షరతు పెట్టినప్పుడు వాటా ఎంత తగ్గితే శాంపిల్ అంత పెరుగుతుంది. సగం రక్షణ ఇచ్చేది పాయింట్లలో చెప్పిన మార్జిన్‌కే.

4. వార్డు చిన్నదైతే తగ్గించుకోండి

పై సూత్రంలో మొత్తం ఇళ్ల సంఖ్యే లేదని గమనించారా? అన్నం ఉడికిందో లేదో చూడటానికి పెద్ద గుండిగకైనా, చిన్న గిన్నెకైనా పట్టి చూసే మెతుకులు దాదాపు అన్నే. లక్ష ఇళ్లకైనా, పది లక్షల ఇళ్లకైనా 385 చుట్టూనే తిరుగుతుంది. "పది శాతం తీస్తే చాలు" అన్న మాటకి ఆధారం లేదు.

అయితే 1,800లో 385 అంటే ఐదో వంతు పైనే. అంత భాగం చూసేశాక మిగిలింది తక్కువ కాబట్టి కొంత తగ్గించుకోవచ్చు:

```
n₁ = n / (1 + (n − 1) / N)
   = 384.16 / (1 + 383.16 / 1800) = 316.7
```

317 ఇళ్లు. మొత్తంలో శాంపిల్ ఐదు శాతం లోపే ఉంటే ఈ సవరణ జోలికి పోనక్కర్లేదు.

5. తాళం వేసిన ఇళ్లకి కలుపుకోండి

317 అనేది జవాబు దొరకాల్సిన ఇళ్ల సంఖ్య. పదింట ఎనిమిది ఇళ్లే దొరుకుతాయనుకుంటే 317ని 0.8తో భాగించండి. 397 ఇళ్ల జాబితా తీయాలి. ఇది సంఖ్యని కాపాడుతుంది కానీ పక్షపాతాన్ని పోగొట్టదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లే ఎక్కువగా తాళం వేసి ఉంటే, వాళ్ల అలవాటు లెక్కలోకి రాకుండా పోతుంది. పక్కింటితో సరిపెట్టకుండా, మర్నాడు బండి వచ్చే వేళకి మళ్లీ వెళ్లాలి.

6. ఇళ్లని లాటరీతో ఎంచండి

సూత్రం మొత్తం యాదృచ్ఛిక ఎంపిక మీద నిలబడింది. ఇంటి పన్ను జాబితా తీసుకుని కంప్యూటర్‌తో 397 ఎంపిక చేయడం తేలిక మార్గం. ఒకే డోర్ నంబరులో మూడు అద్దె పోర్షన్లుంటే పన్ను జాబితాలో ఒక్కటిగానే కనబడతాయి. ముందే వాటిని విడదీసి రాసుకోండి.

తిరగడానికి సులువని కొన్ని వీధులు ఎంచి, ఆ వీధుల్లోనే ఇళ్లు చూస్తే 317 చాలదు. ఒక వీధివాళ్ల అలవాట్లు ఒకలాగే ఉంటాయి. బండి సరిగ్గా వచ్చే వీధిలో అందరూ వేరు చేస్తారు, రాని వీధిలో ఎవరూ చేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా కవరేజీ సర్వేలకి పెట్టిన పాత పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. p సగం, మార్జిన్ ±10 పెడితే 96 వచ్చింది. గుంపులుగా ఎంచుతున్నారు కాబట్టి రెట్టింపు చేస్తే దాదాపు 192 అయింది. దాన్ని 30 గుంపులకి పంచితే ఒక్కోదానిలో 6.4 వస్తుంది. ఏడుకి సవరించి మొత్తం 210 మంది పిల్లల్ని తీసుకున్నారు. మీరూ వీధుల వారీగా పోతే ఇలాగే గుణించక తప్పదు.

7. సర్వే అయ్యాక అసలు మార్జిన్ చెప్పండి

397 ఇళ్ల జాబితాలో 300 దొరికాయి, వాటిలో 96 ఇళ్లు వేరు చేస్తున్నాయనుకుందాం. 32 శాతం. p స్థానంలో 0.5 వేయాల్సిన అవసరం ఇక లేదు. ఇప్పుడు 0.32తోనే లెక్కవేయాలి. 0.32 × 0.68ని 300తో భాగించి వర్గమూలం తీసి 1.96తో గుణిస్తే 5.3 పాయింట్లు. వార్డు చిన్నది కాబట్టి (1800 − 300)/1799 వర్గమూలంతో, అంటే 0.913తో గుణిస్తే 4.8. అనుకున్న 317 ఇళ్లు దొరకకపోయినా, వాటా సగానికి దూరంగా ఉండటం వల్ల మార్జిన్ ఐదు లోపే ఉంది.

దొరకని 97 ఇళ్ల సంగతి ఈ 4.8లో లేదు. వాళ్లెవరూ వేరు చేయకపోతే శాతం 24కి దిగుతుంది, అందరూ చేస్తుంటే దాదాపు 49కి ఎక్కుతుంది. రిపోర్టులో "32 శాతం, ±4.8" అన్న వాక్యం కిందనే "జాబితాలో 97 ఇళ్లు దొరకలేదు" అని కూడా రాయండి.