డిపెండెంట్ వీసాపై ఉద్యోగం, 3వ పాఠం: రెండు తేదీల లెక్క

గత పాఠంలో అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ i94.cbp.dhs.gov నుంచి మీ ఐ-94 కాగితం దించుకోమన్నాను. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ పాఠం చదవండి. అందులో స్టేటస్ ఏమని ఉందో దాన్నిబట్టే మీ దారి.

`L-2S` అని ఉంటే మీకు పెద్ద ఇబ్బంది లేదు. ఎల్-1 మీద వచ్చినవారి జీవిత భాగస్వామికి 2021 నవంబర్ నుంచి పని హక్కు స్టేటస్‌తోపాటే వస్తోంది. కార్డు కోసం ఆగక్కర్లేదు, ఆ ఐ-94 పని అనుమతికి రుజువుగా చెల్లుతుంది. ఎఫ్-2 అని ఉంటే ఆ స్టేటస్‌లో ఉన్నంతకాలం ఉద్యోగం మాట మర్చిపోవాలి. దానికి కార్డు కూడా ఉండదు. ఈ పాఠం మాత్రం మధ్యలో ఉన్నవాళ్ల కోసం, అంటే హెచ్-4 వాళ్ల కోసం. వీళ్లకు హక్కు ఉన్నట్టే ఉంటుంది, చేతిలో మాత్రం ఉండదు.

హెచ్-4 వీసా ఒక్కదానితో పని చేయకూడదు. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న రూలు ప్రకారం రెండు సందర్భాల్లో పని కార్డు అడగొచ్చు. హెచ్-1బి ఉన్న మీ భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి. లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల ఆరేళ్లు దాటాక కూడా హెచ్-1బి పొడిగింపు దొరికి ఉండాలి. ఈ రెండూ లేకపోతే దరఖాస్తు వేసినా తిరిగొస్తుంది. దరఖాస్తు ఫారం పేరు `I-765`, అందులో రాయాల్సిన కేటగిరీ `(c)(26)`. వచ్చిన కార్డు మీద `C26` అని ఉంటుంది. అందరూ ఈఏడీ అంటారు దాన్నే.

ఈ కార్డుకి ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే, అది ఏ కంపెనీకీ కట్టి ఉండదు. ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్, రెండు ఉద్యోగాలు, సొంత వ్యాపారం, ఏదైనా సరే. మీ వారి హెచ్-1బిలా ఈ ఉద్యోగం వదిలితే ఆ పిటిషన్ ఏమవుతుందో అనే టెన్షన్ ఉండదు. చిక్కంతా తేదీలోనే ఉంది.

ఎందుకంటే కార్డు గడువు మీ హెచ్-4 స్టేటస్ గడువు దాటదు. ఆ స్టేటస్ గడువేమో మీ వారి హెచ్-1బి మీద ఆధారపడి ఉంటుంది. ఇంకో చిన్న మెలిక ఉంది. దేశంలోకి వచ్చినప్పుడు మీ పాస్‌పోర్టు ముందే అయిపోయేలా ఉంటే, ఎయిర్‌పోర్టులో అధికారి ఐ-94 తేదీని పాస్‌పోర్టు తేదీ దగ్గరే ఆపేయొచ్చు. అప్పుడు మీ వారికి మూడేళ్లు, మీకు పది నెలలు దక్కవచ్చు. ఇది చాలామంది కార్డు వచ్చాక గానీ గమనించరు. ప్రయాణానికి ముందే పాస్‌పోర్టు రెన్యూ చేయించుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒకామె ఉందనుకోండి. ఆమె ఐ-94 మీద 2027 మార్చి 31. భర్తకు ఐ-140 అప్రూవ్ అయింది. ఆమె పని కార్డు 2025 నవంబర్‌లో వచ్చింది, దాని మీదా 2027 మార్చి 31 అనే ఉంది. 2026 ఆగస్టులో ఒక మంచి ఆఫర్ వచ్చింది. చేరాలా వద్దా?

చేరాలి. కాకపోతే చేరేముందు క్యాలెండర్ తీయాలి. కార్డు రెన్యూవల్ గడువుకి 180 రోజుల ముందు నుంచే వేయొచ్చు. 2027 మార్చి 31 నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెడితే 2026 అక్టోబర్ 2 వస్తుంది. భర్త హెచ్-1బి పొడిగింపు కూడా కొత్త గడువు మొదలయ్యే రోజుకి ఆరు నెలల ముందు నుంచే వేయొచ్చు కాబట్టి, దాదాపు అదే సమయానికి రెండు తలుపులూ తెరుచుకుంటాయి. ఆ రోజుల్లోనే మూడు దరఖాస్తులు కలిపి పోవాలి: భర్తకి కంపెనీ వేసే `I-129`, ఆమె స్టేటస్ పొడిగించడానికి `I-539`, కార్డుకి `I-765`.

ఇక్కడే ఆట తిరగబడుతుంది. భర్త ఫారానికి అదనపు ఫీజు కట్టి ప్రీమియంలో పెడితే 15 పనిరోజుల్లో ఏదో ఒకటి తేలుతుంది. కానీ ఆమె ఫారాలకి ఆ సౌకర్యం లేదు. 2023లో ఒక కోర్టు రాజీ వల్ల కలిపి వేసిన కుటుంబం ఫారాలను కలిపే చూసేవారు. ఆ రాజీ గడువు 2025 జనవరి 18తో అయిపోయింది. పైగా స్టేటస్ పొడిగింపు తేలనిదే కొత్త గడువుతో కార్డు ఇవ్వరు. అంటే భర్త ఆఫీసు లాయరు “ఇంకా టైముంది కదా, జనవరిలో వేద్దాం” అన్నాడంటే, ఆమె చేతిలోని ఆరు నెలలు మూడు నెలలైపోతాయి. ఆయనకేమో ఇబ్బంది లేదు. గడువులోపు పొడిగింపు వేస్తే ఆయన అదే కంపెనీలో 240 రోజుల దాకా పని చేసుకోవచ్చు. ఆమెకి ఆ వెసులుబాటు లేదు.

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మా ఆయన ఆఫీసువాళ్లు పొడిగింపుని చివరి రెండు నెలల దాకా లాగారు. నేను లాప్‌టాప్ అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాను. అప్పటి నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఆరు నెలల ముందు రోజున ఆయన తన హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ రాయాలి, “నా భార్య ఉద్యోగం దీని మీద ఆధారపడి ఉంది” అని స్పష్టంగా. ఆ ఒక్క వాక్యం లేకపోతే లాయరుకి మీరు ఉన్నట్టే తెలియదు.

మార్చి 31 దాటి కొత్త కార్డు రాలేదనుకోండి. ఏప్రిల్ 1 నుంచి పని ఆపాలి. ఇంటి నుంచి చేసినా అది పనే. ‘రసీదు ఉంది కదా’ అనే మాట ఇప్పుడు చెల్లదు. ఇదివరకు రెన్యూవల్ రసీదుతో కొన్నాళ్లు నడిచేది (హెచ్-4 వాళ్లకి అప్పుడు కూడా ఐ-94 గడువు దాకానే). 2025 అక్టోబర్ 30న, ఆ తర్వాత వేసిన రెన్యూవల్స్‌కి ఆ ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత వీడియోలు చూసి 540 రోజులు అని ధైర్యంగా ఉన్నవాళ్లు ఇంకా కనిపిస్తారు. తేదీ చూడకుండా నమ్మొద్దు.

అందుకే ఆమె ఆఫర్ ఒప్పుకునేటప్పుడు జీతంతోపాటు ఇంకో ప్రశ్న అడగాలి. కార్డు రెన్యూవల్‌కి ఆలస్యమైతే జీతం లేని సెలవు ఇస్తారా? సెలవులో ఉండటం తప్పు కాదు, పని చేయడమే తప్పు. పెద్ద కంపెనీలు దీనికి అలవాటుపడి ఉంటాయి. చిన్న ఆఫీసులో నలుగురే ఉంటే మీ కుర్చీ రెండు నెలలు ఖాళీగా ఉంచడం వాళ్ల వల్ల కాకపోవచ్చు. ఏడు నెలలే మిగిలినప్పుడు నేనైతే ఆరు నెలల కాంట్రాక్టు పనుల వైపు కూడా చూస్తాను. అది గడువులోపు అయిపోతుంది, రెజ్యూమెలో ఖాళీ కూడా పూడుతుంది.

ఏ పనులు మూసి ఉంటాయో కూడా చెప్పాలి. సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే పోస్టులు పౌరులకే. రక్షణ, అంతరిక్ష రంగాల్లో చాలా ఉద్యోగాల ప్రకటనలో ‘యూఎస్ పర్సన్ మాత్రమే’ అని ఉంటుంది. ఎగుమతి నియంత్రణ చట్టాల్లో ఆ మాటకి అర్థం పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులుగా అంగీకారం పొందినవాళ్లు. హెచ్-4 కార్డు అందులోకి రాదు. నర్సింగ్, టీచింగ్ లాంటి వాటికి కార్డు సరిపోదు, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు వేరే తెచ్చుకోవాలి. అందుకే కార్డు కోసం ఎదురుచూసే నెలల్లోనే లైసెన్సు పని మొదలుపెట్టేయండి. పరీక్ష రాయడానికి పని హక్కు అక్కర్లేదు.

ఇంటర్వ్యూ ఫారంలో రెండు ప్రశ్నలు వస్తాయి. మొదటిది, అమెరికాలో పని చేయడానికి మీకు చట్టబద్ధమైన అనుమతి ఉందా? కార్డు చేతికొచ్చి, దాని గడువు ఇంకా ఉంటేనే ‘ఉంది’. దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే లేదు. రెండోది, ఇప్పుడు గానీ ముందుముందు గానీ మీకు స్పాన్సర్‌షిప్ కావాలా? స్పాన్సర్‌షిప్ అంటే మీకోసం కంపెనీ పిటిషన్ వేయడం. ఈఏడీకి కంపెనీ చేయాల్సిందేమీ లేదు కాబట్టి ‘అక్కర్లేదు’ అనేది నిజమైన జవాబే. కానీ ఏడాది తర్వాత వీళ్లచేత హెచ్-1బి వేయించుకోవాలని ముందే మనసులో ఉంటే ‘కావాలి’ అనే రాయండి. తర్వాత తేలితే మాట పోతుంది.

రెజ్యూమెలో ‘హెచ్-4’ అని పైన రాయకండి. చూసేవాళ్లలో సగం మందికి అదేమిటో తెలియదు, వీసా అనగానే పక్కన పెట్టేస్తారు. ‘పని అనుమతి ఉంది, స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు’ అని ఒక లైను చాలు. కార్డు ఫోటో ఇంటర్వ్యూకి ముందే పంపక్కర్లేదు. ఆఫర్ ఒప్పుకున్నాక `I-9` ఫారం వస్తుంది. మొదటి భాగం పనిలో చేరిన రోజుకల్లా మీరు నింపాలి, పత్రాలు చేరిన మూడు పనిరోజుల్లోపు కంపెనీ చూడాలి. ఏ పత్రం చూపాలో ఎంచుకునేది మీరే. ఈఏడీ ఒక్కటే సరిపోతుంది, పాస్‌పోర్టు కూడా కావాలని పట్టుబట్టడం తప్పు. కార్డు ఏడు నెలల్లో అయిపోతుందని ఉద్యోగం నిరాకరించడం కూడా వివక్ష కిందికి రావచ్చు. ఆ గడువు రాకముందే కొత్త పత్రం చూసి మళ్లీ నమోదు చేసుకోవడం మాత్రం కంపెనీ బాధ్యత, కాబట్టి ఆ వారాల్లో హెచ్‌ఆర్ తరచూ అడుగుతుంటే కోపం తెచ్చుకోకండి.

ఇక కార్డు రాకముందు ‘ఊరికే కొంచెం సాయం చేస్తాను’ అనే ఆలోచన. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా జీతమివ్వని పనిని స్వచ్ఛందంగా చేయొచ్చు. జీతమిచ్చే పనిని ఉచితంగా చేసి, కార్డు వచ్చాక డబ్బులు తీసుకుంటానంటే అది స్వచ్ఛందం కాదు. ఇండియా కంపెనీకి ఇక్కడ కూర్చుని పని చేసి జీతం అక్కడి ఖాతాలో వేయించుకోవడం కూడా నేను వద్దంటాను. మీరు పని చేస్తున్న చోటు అమెరికాయే.

అభ్యాసం: ఒక కాగితం మీద నాలుగు తేదీలు రాయండి. మీ ఐ-94, మీ కార్డు, మీ వారి హెచ్-1బి అప్రూవల్, మీ పాస్‌పోర్టు. వాటిలో అన్నిటికంటే ముందు వచ్చేదాని నుంచి 180 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఆ రోజుని ఫోన్‌లో పెట్టుకోండి, మీ వారి ఫోన్‌లోనూ పెట్టించండి. ముందు వచ్చేది పాస్‌పోర్టు అయితే, ఆ రెన్యూవల్ ఈ వారమే మొదలుపెట్టండి. వచ్చే పాఠంలో ఆ I-765 ఫారాన్ని గడి తర్వాత గడి నింపుదాం.