గడువు తీరిన ఓటీపీల క్యూ: నా అనుభవం

ఎస్సెమ్మెస్ గేట్‌వే పది నిమిషాలు ఆగి, మళ్లీ పని మొదలుపెట్టింది. అప్పటికి మా రెడిస్ క్యూలో 12,000 ఓటీపీలు పేరుకుపోయాయి. సెకనుకు 20 పంపగలం, కొత్తవీ అంతే వస్తున్నాయి. పాతవి ముందు పంపే పద్ధతి కాబట్టి ప్రతి ఓటీపీ పది నిమిషాలు ఆలస్యం. దాని గడువేమో ఐదు నిమిషాలే! గేట్‌వే బాగానే ఉంది, లాగిన్‌లు మాత్రం ఒక్కటీ అవడం లేదు. జనం మళ్లీ మళ్లీ ‘రీసెండ్’ నొక్కడంతో క్యూ ఇంకా పెరిగింది.

గడువు తీరినవి పారేసేలా చెక్ పెట్టాను. అయినా టెన్షన్ తీరలేదు. ఎందుకంటే అప్పుడు క్యూ ముందుకొచ్చేది 4 నిమిషాల 55 సెకన్ల కిందట పుట్టిన ఓటీపీ. అది ఫోన్‌కు చేరి, మనిషి టైప్ చేసేలోపే చెల్లదు.

కొత్తవి `LPUSH`తో ఎడమవైపు చేరతాయి. అందుకే తీసే వైపు మార్చాను:

```
RPOP otp_queue   # పాతది ముందు
LPOP otp_queue   # కొత్తది ముందు
```

గడువు చెక్ అలాగే ఉంచాను. ఇప్పుడే అడిగినవారికి రెండు సెకన్లలో ఓటీపీ వెళ్లింది. అడుగున ఉన్నవి గడువు తీరి, ఖాళీ దొరికినప్పుడు తొలగిపోయాయి. వాటి కోసం ఎదురుచూసినవాళ్లు రీసెండ్ నొక్కక తప్పలేదు, అది నాకు బాధగానే ఉంది.

బ్యాలెన్స్ మెసేజ్‌లను మాత్రం వేరే క్యూలో, పాత వరుసలోనే ఉంచాను. అవి ఆలస్యమైనా పనికొస్తాయి, వరుస తప్పితేనే చిక్కు.