పై అధికారులకు వారపు స్టేటస్ రిపోర్టు ఎలా రాయాలి? ఒక కోల్డ్ స్టోరేజీ పని ఉదాహరణతో

గుంటూరు చుట్టుపక్కల ఎండుమిర్చి కోసం కోల్డ్ స్టోరేజీ కట్టేవారికి అసలు గడువు కొత్త పంటే. యార్డుకు సరుకు పోటెత్తే రోజులకు గదులు చల్లబడి సిద్ధంగా లేకపోతే బస్తాలు పక్క స్టోరేజీకి వెళ్లిపోతాయి, ఆ సీజను ఆదాయం చేజారుతుంది. అందుకే ఉదాహరణగా అటువంటి పనినే తీసుకుంటున్నాను. రెండు ఛాంబర్ల కోల్డ్ స్టోరేజీ ఒకటి కడుతున్నారనీ, మార్చి 1న సరుకు దించుకోవాలనీ, సైట్ ఇంజనీరు జనవరి 24 శనివారం నాడు తన మేనేజింగ్ డైరెక్టరుకు రిపోర్టు పంపాలనీ అనుకుందాం. లెక్కలు ఉదాహరణ కోసం వేసినవే గానీ ఇటువంటి పనుల్లో తలెత్తే చిక్కులు ఇవే.

మొదట లెక్క ఎక్కడ ఆపాలో తేల్చుకోండి. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు సైట్‌లో ఉన్న స్థితినే రిపోర్టులో రాయాలి, శనివారం మధ్యాహ్నం లోపు పంపాలి. శనివారం పొద్దున జరిగిన పని ఎంత మంచిదైనా వచ్చే వారానికే చెందుతుంది, లేకపోతే ఒకే పని రెండు వారాల్లోనూ లెక్కకు వస్తుంది. రిపోర్టు ఒక పేజీ దాటకూడదు.

తర్వాత పై వరుస. పని పేరు, తేదీ, రంగు, ఆ రంగుకు కారణం చెప్పే ఒక్క వాక్యం అక్కడ ఉండాలి. రంగుల అర్థాన్ని పని మొదలైన రోజే పై అధికారులతో కలిసి నిర్ణయించుకోవాలి. మన ఉదాహరణలో రెండు రోజుల లోపు ఆలస్యమైతే ఆకుపచ్చ, అంతకు మించినా సైట్‌లోనే సర్దుకోగలిగితే పసుపు, పై వారి నిర్ణయం లేకుండా కదలని విషయం ఒక్కటున్నా ఎరుపు. ఈ ఒప్పందం లేని చోట ఎరుపు రాయడానికి అందరూ జంకుతారు, చివరి వారం దాకా పసుపే నడుస్తుంది.

ఇక ప్రగతి. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా కాలం కిందట ఒక గోదాము పనిలో వరుసగా నాలుగు వారాలు "90 శాతం పూర్తి" అని రాశాను. గోడలు, కప్పు అయిపోయాయి కాబట్టి ఆ అంకె నాకు నిజంగానే కనిపించింది. కానీ మిగిలిన వైరింగు, డ్రెయిన్లు, అనుమతులు గోడలంత కాలాన్నీ మింగాయి, పైన ఉన్నవారికి ఆ సంగతి గడువు దాటాకే తెలిసింది. అప్పటి నుంచి శాతాలు మానేసి లెక్కపెట్టగలిగిన వాటినే రాస్తున్నాను. ఉదాహరణకు, చల్లదనం నిలపడానికి గదికి బిగించే పఫ్ ప్యానెళ్ల గురించి ఇలా:

"రెండో ఛాంబరు పఫ్ ప్యానెళ్లు మొత్తం 240. శుక్రవారానికి 180 బిగించాల్సి ఉండగా 132 బిగించాం. రోజుకు 16 చొప్పున మిగిలిన 108 బిగించడానికి ఏడు పనిదినాలు పడుతుంది. 25 ఆదివారం, 26 రిపబ్లిక్ డే సెలవు, 1 మళ్లీ ఆదివారం కాబట్టి జనవరి 29న అయిపోవాల్సిన పని ఫిబ్రవరి 2న పూర్తవుతుంది. మార్చి 1 గడువు దీనివల్ల మారదు."

ఈ నాలుగు మాటలూ, అంటే అనుకున్నది, అయినది, కొత్త తేదీ, గడువుపై ప్రభావం, ప్రతి ముఖ్యమైన పనికీ ఉండాలి. సెలవులు లెక్కలో వేయకుండా తేదీ ఇవ్వడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. చేసిన మీటింగులు, పంపిన ఈమెయిళ్లు ప్రగతి కిందికి రావు, వాటిని వదిలేయండి.

సమస్యలకూ రిస్కులకూ మధ్య గీత గట్టిగా గీయాలి. ఇప్పటికే జరిగి పనిని ఆపుతున్నది సమస్య. ఇంకా జరగలేదు గానీ జరిగే అవకాశం ఉన్నది రిస్కు. పై 48 ప్యానెళ్ల లోటునే చూడండి. సంక్రాంతికి ఊరెళ్లిన బృందం 19న రావాల్సింది 22న వచ్చింది, మూడు రోజులు పోయాయి. డిసెంబరు చివరి రిపోర్టులో ఇదే విషయం "పండగ తర్వాత మనుషులు ఆలస్యంగా రావచ్చు" అంటూ రిస్కుల్లో ఉంది, కానీ దాని పక్కన ఏం చేస్తామో రాయలేదు. ఏం చేస్తామో లేని రిస్కు మూడు వారాల్లో సమస్యగా మారి ప్రగతిలో లోటై తేలింది.

సమస్యను రాసేటప్పుడు ఏం జరిగింది, దేన్ని ఆపుతోంది, మన ముందున్న దారులేమిటి, ఎవరు ఎప్పటిలోగా ఏం తేల్చాలి అన్న వరుసలో రాయండి. "తలుపుల సరఫరా ఆలస్యం, ఫాలో అప్ చేస్తున్నాం" అని రాస్తే చదివినవారు చేయగలిగింది ఏమీ ఉండదు. అదే సంగతిని ఇలా రాయవచ్చు:

"జనవరి 20న రావాల్సిన నాలుగు ఇన్సులేటెడ్ తలుపులు రాలేదు. సరఫరాదారు ఇప్పుడు ఫిబ్రవరి 12 అంటున్నారు. తలుపులు లేనిదే ఫిబ్రవరి 9న మొదటి ఛాంబరును చల్లబరిచి పరీక్షించలేం. హైదరాబాదులోని మరో సరఫరాదారు ఆర్డరిచ్చిన ఎనిమిది రోజుల్లో ఇస్తామన్నారు, ఖర్చు 1,40,000 రూపాయలు ఎక్కువ. 27 మంగళవారం ఆర్డరిస్తే తలుపులు 4న వస్తాయి, 5, 6, 7 తేదీల్లో బిగించి 9న పరీక్ష మొదలుపెట్టగలం. మంగళవారం సాయంత్రం లోపు మీ అనుమతి కావాలి."

27 అన్న తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో చదివినవారికి వెంటనే తెలుస్తుంది, అందుకే దాన్ని పక్కన పెట్టరు. "వీలైనంత త్వరగా" అని రాసి ఉంటే ఈ సెలవుల వారంలో అది గురువారానికి జరిగేది. ఈ ఒక్క సమస్య వల్లే మన రిపోర్టు రంగు ఎరుపు. ప్యానెళ్లు మాత్రమే అయితే పసుపుతో సరిపోయేది.

రిస్కుకు "ఒకవేళ" అనే మాట, ఏం చేస్తామన్నది, ఏ రోజున ఆ పని మొదలుపెడతామన్నది అవసరం. ఎక్కువ వోల్టేజీతో వచ్చే హెచ్.టి. విద్యుత్ కనెక్షన్‌కు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ తనిఖీ జరగాలి. "తనిఖీ ఫిబ్రవరి 5న అని చెప్పారు, రాతపూర్వకంగా ఇంకా రాలేదు. ఒకవేళ అది వెనక్కి జరిగితే కంప్రెసరు ట్రయల్ కూడా అన్నే రోజులు వెనక్కి పోతుంది. జనవరి 30 నాటికి తేదీ ఖరారు కాకపోతే ట్రయల్ కోసం జనరేటర్ అద్దెకు మాట్లాడతాం." ఇలాంటివి రెండు మూడు చాలు. వర్షం, ధరలు, ఎన్నికలు అంటూ పదిహేను రాస్తే అసలైన రిస్కు వాటిలో కలిసిపోతుంది. మీ ఎదురు చర్యకు తేదీ లేనట్లయితే దాన్ని ఇంకా ఆలోచించలేదని అర్థం, పంపే ముందు మరోసారి కూర్చోండి.

వచ్చే వారం పనులు నాలుగైదు ఉంటే మంచిది. ప్రతిదానికీ ఒకే మనిషి, ఒకే తేదీ. "ఎలక్ట్రికల్ బృందం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు పేరే రాయండి. "పర్యవేక్షించడం", "కొనసాగించడం" వంటి క్రియలు ఎప్పటికీ పూర్తి కావు కాబట్టి వాటికి బదులు "శుక్రవారానికి 212వ ప్యానెలు దాకా బిగించడం" అని రాయాలి. నేటి 24 నుంచి 30 శుక్రవారం దాకా ఐదు పనిదినాలు, రోజుకు 16 చొప్పున 80, ఇప్పటికే బిగించిన 132తో కలిపి 212 అని లెక్క వేసినవారు, ఆ వాక్యంలో "శనివారానికి" అని రాసి ఉంటే అది తప్పని, 212 నిజానికి శుక్రవారం లెక్కేనని ఇట్టే పట్టుకుంటారు. లెక్క ఆపే రోజునూ రిపోర్టు పంపే రోజునూ ఇలా కలిపేయడం తరచూ జరుగుతుంది, పంపే ముందు ప్రతి తేదీని క్యాలెండరు పక్కన పెట్టుకుని సరిచూడండి.

ఈ జాబితాను పంపిన వెంటనే వచ్చే వారం రిపోర్టు ఫైలులో పైన అతికించి ఉంచండి. 31న కూర్చున్నప్పుడు మొదట రాయాల్సింది ఆ పనుల్లో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నదే.