ఉద్యోగుల సర్వే లింక్ పంపే ముందే చూసుకోవాల్సినవి

ఎంగేజ్‌మెంట్ సర్వే ముగియగానే పైనుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎంత శాతం మంది నింపారు?" అని. ఆ ఒక్క అంకెతో సర్వే బాగోగులు తేలవు. నింపనివాళ్ళు కూడా నింపినవాళ్ళలాగే ఆలోచిస్తుంటే సగం మంది జవాబులతోనూ ఫలితం సరిగ్గానే ఉంటుంది. వాళ్ళ ఆలోచన వేరైతే 70 శాతం వచ్చినా లెక్క తప్పుతుంది. ఈ తప్పునే నాన్-రెస్పాన్స్ బయాస్ అంటారు. సర్వే అయిపోయాక దీన్ని పూర్తిగా సరిదిద్దడం సాధ్యం కాదు, అందుకే జాగ్రత్తలన్నీ ముందే తీసుకోవాలి.

లెక్క కోసం ఒక మందుల తయారీ కంపెనీని ఊహించుకుందాం. మొత్తం 1000 మంది: ఆఫీసులో 400, ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసేవాళ్ళు 600. ఆఫీసులో 80 శాతం మంది, అంటే 320 మంది నింపారు. ప్లాంటులో 30 శాతం, అంటే 180 మందే నింపారు. "ఇక్కడ పనిచేయడం నాకు నచ్చుతోంది" అన్న వాక్యానికి నింపిన ఆఫీసువాళ్ళలో 80 శాతం, ప్లాంటువాళ్ళలో 50 శాతం అవునన్నారు. అంటే 256 మంది, 90 మంది. మొత్తం 500 జవాబుల్లో 346 అనుకూలం కాబట్టి రిపోర్టులో 69 శాతం అని పడుతుంది. కానీ కంపెనీలో ఆఫీసువాళ్ళు పదిమందిలో నలుగురే. అసలు సంఖ్యల ప్రకారం తూకం వేస్తే వచ్చేది 62 శాతం. ఏడు పాయింట్ల తేడా కేవలం ఎవరు నింపారన్న దాని వల్లే వచ్చింది.

ఈ తూకం ఎక్సెల్‌లో ఒక్క వరుస పని. B కాలమ్‌లో విభాగాల వారీగా ఉద్యోగుల సంఖ్య, D కాలమ్‌లో అనుకూల శాతం ఉంటే:

```
=SUMPRODUCT(B2:B3,D2:D3)/SUM(B2:B3)
```

అయితే దీనికీ ఒక హద్దుంది. నింపని 420 మంది ప్లాంటువాళ్ళు నింపిన 180 మందిలాగే అనుకుంటున్నారని ఈ సూత్రం నమ్ముతుంది. ఆ నమ్మకానికి ఆధారం లేదు. 420 మందీ కాదనేవాళ్ళే అయితే ప్లాంటు అంకె 15 శాతం, అందరూ అవుననేవాళ్ళే అయితే 85 శాతం. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. ఈ ఎడం తగ్గాలంటే ప్లాంటు నుంచి ఇంకా జవాబులు రావాలి, వేరే దారి లేదు.

నింపనివాళ్ళందరూ ఒకే రకం కాదు. తీరిక లేకో, లింక్ అందకో, మర్చిపోయో ఆగిపోయినవాళ్ళు చాలావరకు నింపినవాళ్ళను పోలే ఉంటారు. "చెప్పి ఏం లాభం", "పేరు బయటపడితే?" అని కావాలని మానేసినవాళ్ళు వేరు. వీళ్ళలో అసంతృప్తి, మానేసి వెళ్ళిపోవాలన్న ఆలోచన ఎక్కువ. మొదటివాళ్ళకు దారి సులువు చేస్తే చాలు. రెండోవాళ్ళకు నమ్మకం కుదరాలి. రిమైండర్లు పెంచితే నమ్మకం పెరగదు.

ముందు దారి సంగతి. లింక్ కంపెనీ మెయిల్‌కే వెళ్తే, మెయిల్ ఐడీ లేని ఆపరేటర్లు సర్వేలో లేనట్టే. మూడు వారాల ముందే జీతాల జాబితాను మెయిల్ జాబితాతో పోల్చి, తేడా ఎంతో విభాగాల వారీగా చూడండి. మందుల ప్లాంటులో తయారీ జరిగే చోటికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, కాబట్టి అక్కడి గోడకు క్యూఆర్ కోడ్ అంటించి లాభం లేదు. షిఫ్టు అయ్యాక నింపుకుంటారులే అనుకోవడం కూడా పొరపాటే. దుస్తులు మార్చుకుని కంపెనీ బస్సు అందుకోవాలి, ఆ హడావుడిలో ఎవరూ ఆగరు. షిఫ్టు వేళలోనే పదిహేను నిమిషాలు కేటాయించి, ఆ సేపు లైన్ చూసే రిలీవర్ పేరు రోస్టర్‌లో రాయించండి. రిలీవర్ లేకపోతే ఆ పదిహేను నిమిషాలు కాగితం మీదే మిగులుతాయి. రాత్రి షిఫ్టుకు కూడా ఇదే ఏర్పాటు ఉండాలి. తక్కువ జవాబులు వచ్చేది తరచూ అక్కడినుంచే.

క్యాంటీన్‌లో ట్యాబ్ పెడితే తెర గోడవైపు తిరిగి ఉండాలి, వెనక ఎవరూ నిలబడకూడదు. సూపర్‌వైజర్లు కూర్చునే బల్లకు ఎదురుగా పెడితే నింపేవాళ్ళు తగ్గుతారు. నింపినవాళ్ళు కూడా అన్నిటికీ "బాగుంది" నొక్కేసి వెళ్తారు. ఒకరు ముగించగానే తెర దానంతటదే మొదటి పేజీకి వెళ్ళేలా చేయండి. లేకపోతే ముందు మనిషి జవాబులు తర్వాతి మనిషికి కనబడతాయి.

ప్రశ్నలు 25 నుంచి 30 దాటకుండా, పది నిమిషాల్లోపు అయిపోయేలా చూడండి. తెలుగుతోపాటు ప్లాంటులో ఉన్నవాళ్ళను బట్టి హిందీ, ఒడియా కూడా పెట్టాలి. అనువాదం ఇంగ్లీషు చదవని ఆపరేటర్లు ఐదారుగురితో చదివించి చూడాలి. "మీ ప్రమేయ స్థాయి" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. "పనిలో మీ మాట వింటారా?" అంటే అర్థమవుతుంది. తేదీ విషయంలో సంక్రాంతి వారం, నెలాఖరు డిస్పాచ్ ఒత్తిడి, అప్రైజల్ లేఖలు ఇచ్చే పక్షం తప్పించండి. రెండు మూడు వారాల గడువు సరిపోతుంది.

ఇక నమ్మకం. ఒక్కొక్కరికి విడి లింక్ పంపి "మీ పేరు తెలియదు" అనడం అబద్ధమవుతుంది. ఆ లింక్‌తో ఎవరు నింపారో సిస్టమ్‌కు తెలుసు. "పేరు బయటి సర్వే సంస్థ దగ్గరే ఉంటుంది, పదిమంది కన్నా తక్కువ ఉన్న జట్టు ఫలితం ఎవరికీ చూపం" అని ఉన్నదున్నట్టు చెప్పండి. విభాగం, షిఫ్టు, వయసు, ఆడ-మగ, సర్వీసు ఏళ్ళు అన్నీ అడిగితే చిన్న జట్టులో మనిషిని వేలుపెట్టి చూపినట్టే. విభాగం, షిఫ్టు చాలు. "మీరింకా నింపలేదు" అని పేరుతో పంపే ఒక్క రిమైండర్ చాలు, ఇచ్చిన మాట మీద నమ్మకం పోవడానికి. రిమైండర్ అందరికీ ఒకేలా, మూడో రోజు, ఎనిమిదో రోజు, ముగింపుకు రెండు రోజుల ముందు వెళ్తే సరిపోతుంది. పోయినసారి చెప్పినవాటిలో ఏం మారిందో ఒకటి రెండు నిజమైన పనులు అందులో రాయండి. ఏదీ మారకపోతే ఎందుకు మారలేదో రాయండి.

శాతం పెంచమని మేనేజర్లకు టార్గెట్ ఇవ్వకండి. వాళ్ళు పక్కన నిలబడి నింపిస్తారు, జవాబులు వస్తాయి కానీ అవి భయంతో ఇచ్చినవి. బలవంతపు జవాబుల గుర్తు ఏమిటంటే, ఒక జట్టులో చాలామంది ఒకే అరగంటలో, రెండు నిమిషాల లోపే, అన్ని ప్రశ్నలకూ ఒకే అంకె నొక్కి ఉంటారు.

సర్వే నడుస్తుండగా రోజూ మొత్తం శాతం కాకుండా విభాగం, షిఫ్టుల వారీ శాతం చూడండి. బాగా వెనకబడిన చోటికే మీ సమయం, ట్యాబ్‌లు, మనుషులు వెళ్ళాలి. ఆఫీసును 80 నుంచి 90కి తెచ్చే శ్రమ కన్నా ప్లాంటును 30 నుంచి 60కి తెచ్చే శ్రమ ఎంతో విలువైనది. మొదటి వారం వచ్చిన జవాబులను చివరి వారం వచ్చినవాటితో పోల్చండి. ఒకే విభాగంలో ఆలస్యంగా నింపినవాళ్ళ మార్కులు బాగా తక్కువగా ఉంటే, అసలు నింపనివాళ్ళు ఇంకా తక్కువ ఇచ్చేవాళ్ళేమో అని అనుమానించాలి. ఇది రుజువు కాదు, సూచన మాత్రమే.

యాజమాన్యానికి ఒక సంగతి సర్వేకి ముందే చెప్పి ఉంచాలి. పై కంపెనీలోనే వచ్చే ఏడు ప్లాంటు నుంచి 60 శాతం, అంటే 360 మంది నింపారనుకోండి. ఎవరి అభిప్రాయమూ మారలేదు, వాళ్ళలో సగం, 180 మంది అవునన్నారు. అప్పుడు 680 జవాబుల్లో 436 అనుకూలం, అంటే 64 శాతం. 69 నుంచి 64కి పడిపోయామని బోర్డులో గాబరా మొదలవుతుంది, ప్లాంటు హెచ్‌ఆర్ మీద నింద పడుతుంది. నిజానికి సర్వే ముందుకన్నా మెరుగైంది. అందుకే రిపోర్టు మొదటి పేజీలో తూకం వేసిన అంకె రెండేళ్ళకూ పక్కపక్కన (62, 62) పెట్టి, దాని కిందే ఏ విభాగం నుంచి ఎంతమందిలో ఎంతమంది నింపారో రాయండి.