ప్రింట్‌కి వెళ్లే స్క్రీన్‌షాట్‌కి లైట్ మోడే

ఫోన్లో కరెంటు బిల్లు ఎలా కట్టాలో మా అపార్ట్‌మెంట్ పెద్దవాళ్లకి ఒక కాగితం తయారుచేశాను. డార్క్ మోడ్‌లో తీసిన స్క్రీన్‌షాట్లు కదా, జిరాక్స్‌లో నల్ల పలకల్లా వచ్చాయి, సన్న అక్షరాలు మూసుకుపోయాయి.

ఇప్పుడు ముందే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి డార్క్ థీమ్ ఆపేస్తున్నాను. కొన్ని యాప్‌లకి సొంత థీమ్ ఉంటుంది, అది విడిగా మార్చాలి. తెల్ల స్క్రీన్ కాగితంలో కలిసిపోకుండా వర్డ్‌లో బొమ్మ చుట్టూ సన్నని బూడిదరంగు గీత పెడితే చాలు.

ఇప్పటికే డార్క్‌లో తీసేశారా? విండోస్ పెయింట్‌లో తెరిచి Ctrl+A, తర్వాత Ctrl+Shift+I నొక్కండి, రంగులు తిరగబడతాయి. అయితే ఫోటోలు నెగెటివ్‌లా వస్తాయి, క్యూఆర్ కోడ్ స్కాన్ కాకపోవచ్చు. కలర్ ప్రింట్‌లో ఆకుపచ్చ బటన్ గులాబీగా మారుతుంది, అలాంటి స్క్రీన్ మళ్లీ తీసుకోవాల్సిందే.