పార్కులో బెంచీ గాల్లో తేలుతోందా? తప్పు మాస్క్‌లో ఉందో, ప్రాంప్ట్‌లో ఉందో పట్టుకోవడం ఇలా

విశాఖ తెన్నేటి పార్కులో ఉదయం ఏడున్నరకి, సముద్రం వైపు తిరిగి తీసిన ఫొటో ఒకటి ఉందనుకోండి. ముందంతా పచ్చిక, దాని వెనక సముద్రం, ఆ పైన ఆకాశం. మనిషి లేడు, కూర్చోడానికి ఏమీ లేదు. ఆ పచ్చిక మీద చెక్క బెంచీ ఒకటి ఉంటే ఎలా ఉంటుందో చూపించాలి. ఫొటోషాప్‌లో Generative Fill వాడితే, అంటే మాస్క్‌తో చోటు గుర్తించి, ఏం కావాలో ప్రాంప్ట్‌గా మాటల్లో రాసి ఏఐ మోడల్‌తో నింపిస్తే, నిమిషం పని అనిపిస్తుంది. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఇలాంటి ఫొటో మీదే అరగంట కుస్తీ పట్టి, "అన్నా, బెంచీ వచ్చింది గానీ నేల మీద లేదు" అన్నాడు. ఈ పనిలో తరచూ ఎదురయ్యే తప్పులు నాలుగైదే. ఆ ఫొటోనే ముందు పెట్టుకుని చూద్దాం.

దేన్నీ మార్చక ముందు ఒక పరీక్ష చేయండి. Adobe సొంత Firefly మోడల్‌తో Generate నొక్కిన ప్రతిసారీ మూడు రకాలు వస్తాయి, Properties ప్యానెల్‌లో వాటిని పక్కపక్కనే చూడొచ్చు. మూడింట్లోనూ అదే తప్పు కనిపిస్తే లోపం మీ మాస్క్‌లోనో మాటల్లోనో ఉంది, ఎన్నిసార్లు నొక్కినా పోదు. ఒకదాంట్లోనే ఉంటే అది ఆ విడత అదృష్టం, మళ్లీ నొక్కితే సరిపోవచ్చు. చాలామంది ఈ తేడా చూడకుండా పదిహేనుసార్లు నొక్కుతూ కూర్చుంటారు.

సమస్య: బెంచీ గాల్లో తేలుతోంది, లేదా కాళ్లు మోకాళ్ల దగ్గర తెగిపోయాయి

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బెంచీ ఎలా ఉండాలో ఊహించుకుని, ఆ ఆకారం చుట్టూ బిగించి Lasso Tool తో గీసేస్తాం. కత్తెరతో బొమ్మ కత్తిరించే అలవాటు అది. ఇక్కడ మాస్క్ చేసే పని వేరు. మాస్క్ లోపలి పిక్సెళ్లనే మోడల్ మార్చగలదు, బయటి వాటిని చూడగలదు గానీ తాకలేదు. బెంచీ నేల మీద నిలబడినట్టు మన కంటికి అనిపించాలంటే కాళ్ల దగ్గర గడ్డి కొంచెం నలగాలి, కాలి మొదట్లో చీకటి పడాలి, నీడ నేల మీద పరుచుకోవాలి. ఇవన్నీ బెంచీ బయట జరిగే పనులు. కాళ్ల దగ్గరే మాస్క్ ఆపేస్తే వాటికి చోటు ఉండదు. కాళ్ల కింద ఎండ పడ్డ పచ్చిక అలాగే మిగులుతుంది, బెంచీ అతికించినట్టు కనిపిస్తుంది.

అందుకని మాస్క్‌లో బెంచీతో పాటు దాని కింది నేల, నీడ పడే చోటు కూడా ఉండాలి. నీడ ఏ వైపు పడుతుందో ముందు తేల్చుకోవాలి. విశాఖలో పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు. సముద్రం కేసి తీసిన ఫొటోలో నీడలు మన కాళ్ల వైపు, అంటే ఫొటో కింది అంచు వైపు పడతాయి. కాబట్టి అదనపు చోటు కింద వదలాలి. అదే పార్కులో సాయంత్రం తీస్తే నీడ బెంచీ అవతలికి పోతుంది, కింద కొంచెం చాలు. అనుమానం ఉంటే ఫొటోలోనే ఉన్న చెట్టు మొదలో, దీపస్తంభమో, చెత్తడబ్బానో చూడండి, నీడ దిక్కు అదే చెబుతుంది.

ఆకారం విషయంలో నా సలహా: సాదా దీర్ఘచతురస్రం గీసి, కింది భాగాన్ని Lasso Tool తో నీడ వైపు కాస్త సాగదీయండి. Rectangular Marquee Tool తో ముందు పెట్టె గీసి, Shift పట్టుకుని Lasso తో కింద కలిపితే చాలు. కాళ్లు, చేతులు, వీపు అంటూ బెంచీ ఆకారాన్ని మీరే గీసిపెట్టకండి. గీస్తే మోడల్ ఆ ఆకారాన్ని ఎలాగోలా నింపాలని చూస్తుంది, మీ చేతి వంకరలన్నీ చెక్కకి వస్తాయి. అలాగని అడ్డంగా సన్నటి పట్టీ గీసినా పని జరగదు. అంత సన్నటి చోట పట్టేవి పలక, దుంగ, పూలమొక్కల గట్టు లాంటివే, కాబట్టి అవే వస్తాయి.

సమస్య: బెంచీ బొమ్మలాగా చిన్నగా ఉంది, లేదా ఏనుగు కూర్చునేంత పెద్దగా ఉంది

మాస్క్ సైజుని బట్టి మోడల్ బెంచీ సైజు ఊహిస్తుంది. సగం పచ్చికని మాస్క్ చేస్తే సగం పచ్చికంత బెంచీ రావచ్చు, లేదా ఎక్కడో మూలన చిన్నది రావచ్చు. కంటి అంచనా మీద ఆధారపడనక్కర్లేదు, లెక్క ఉంది. ఈ లెక్కకి విశాఖ ఫొటోలు మరీ అనుకూలం, ఎందుకంటే సముద్రం, ఆకాశం కలిసే గీత చక్కగా కనిపిస్తుంది.

ఆ గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులో ఉంటుంది. ఫొటో తీసినవాడు నిలబడి ఫోన్ సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకున్నాడనుకుందాం. అప్పుడు అదే పచ్చిక మీద ఏ చోట ఒక కర్ర పాతినా, దాని మొదలు నుంచి ఆ గీత వరకు ఉన్న దూరం 150 సెంటీమీటర్లకి సమానం. దగ్గర పాతినా, దూరం పాతినా ఇదే.

మన ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లు, ఎత్తు 3000. సముద్రపు గీత పైనుంచి 1100 దగ్గర ఉంది. బెంచీ కాళ్లు 1700 దగ్గర ఆనాలనుకుందాం. మధ్య దూరం 600 పిక్సెళ్లు, అంటే 150 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరుకి 4 పిక్సెళ్లు. వీపు ఆనించుకునే పార్కు బెంచీ ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి 320 పిక్సెళ్లు. ముగ్గురు కూర్చునే బెంచీ పొడవు 150, కాబట్టి ఎదురుగా చూస్తే 600 పిక్సెళ్లు. ఇక నీడ. ఫొటోలో చెత్తడబ్బా నీడ డబ్బా ఎత్తులో సగం దూరం కిందికి దిగింది. అంటే మన బెంచీ నీడకి 160 కావాలి, ధారాళంగా 180 ఇద్దాం. పైన 40, పక్కలకి 80 చొప్పున గాలి వదిలితే మాస్క్ 760 వెడల్పు, 540 ఎత్తు వస్తుంది. పైనుంచి 1340 దగ్గర మొదలై 1880 దగ్గర ఆగుతుంది.

పచ్చిక వాలుగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. కైలాసగిరి మీద వాలులో దీన్ని నమ్మకండి, పక్కనున్న మనిషినో, కంచెనో కొలబద్దగా పెట్టుకోండి. సముద్రం కనిపించని కాలనీ పార్కులో అయితే నడకదారి రెండు అంచుల్నీ గీతలుగా పొడిగించండి. అవి కలిసే చోటు ఎత్తే మీ గీత.

మాస్క్ మరీ పెద్దది కాకపోవడం వల్ల ఇంకో లాభం ఉంది. 2023లో ఈ సౌకర్యం వచ్చిన కొత్తల్లో ఎంత పెద్ద మాస్క్ ఇచ్చినా లోపల తయారయ్యేది 1024 పిక్సెళ్ల బొమ్మే, దాన్ని సాగదీసి అతికించేవారు. తర్వాత మెరుగుపడింది గానీ మాస్క్ పెద్దదయ్యే కొద్దీ వివరం పలచబడడం మాత్రం మిగిలే ఉంది. మన 760 దానికి లోపలే ఉంది కాబట్టి చెక్క నార స్పష్టంగా కనిపిస్తుంది.

సమస్య: బెంచీ సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది

ఇది మన ఊరి సమస్య. బీచ్ ఒడ్డున ఎవరు బెంచీ వేసినా సముద్రం కేసి వేస్తారు, కాబట్టి ఫొటోలో మనకి కనిపించాల్సింది దాని వీపు. కానీ లోకంలో బెంచీల ఫొటోలు ఎక్కువగా ఎదుటి నుంచి తీసినవే. మీరు చెప్పకపోతే మోడల్ అదే వేస్తుంది.

మా కుర్రాడు దీన్ని సరిచేయబోయి రాసింది ఇది:

```
add a bench facing the sea in the park, no people
```

వచ్చిన మూడింట్లో ఒకదాంట్లో బెంచీ ముందు నీళ్ల మడుగు, ఇంకోదాంట్లో కూర్చున్న మనిషి. తప్పు ఒక్కో మాటలో ఉంది. add అనేది ఆజ్ఞ, ఇక్కడ ఆజ్ఞలతో పని లేదు, ఆ చోట ఏముండాలో వర్ణిస్తే చాలు. sea అంటే మాస్క్ లోపల సముద్రం కావాలని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. అసలు సముద్రం మాస్క్ బయట ఎలాగూ కనిపిస్తోంది, చెప్పనక్కర్లేదు. no people అనడం ఇంకా చెడ్డది. వద్దన్నా కావాలన్నా మోడల్ చెవిన పడేది people అనే మాటే. పిల్లాడితో "పాలు ఒలకబోయకు" అన్నట్టే.

మాస్క్ లోపల కనిపించాల్సిన వాటినే పేరు పెట్టి చెప్పండి:

```
wooden park bench, rear view, weathered slats, short grass, soft shadow in foreground
```

bench అని ఒక్క మాటే ఇస్తే వడ్రంగి పనిబల్ల కూడా రావచ్చు, అందుకే park bench. rear view తో దిక్కు తేలింది. weathered ఎందుకంటే, ఉప్పుగాలికి రెండు వానాకాలాలు నిలబడ్డ చెక్క బూడిదరంగుకి తిరుగుతుంది. ఆ మాట లేకపోతే షోరూం నుంచి అప్పుడే దింపినట్టు ఎర్రగా మెరుస్తుంది, చూసినవాడికి వెంటనే దొరికిపోతుంది. తెలుగులో రాస్తే మాత్రం "బల్ల" అనకండి, మనకే ఆ మాటకి టేబులూ, బెంచీ, పలకా అన్నీ అర్థాలే.

సమస్య: చుట్టూ పెట్టె అంచు కనిపిస్తోంది, ఒక కాలు ఎక్కువ ఉంది

పెట్టె అంచు అంటే కొత్త గడ్డి రంగు పాత గడ్డితో కలవలేదని. వచ్చిన బెంచీ ప్రత్యేక లేయర్‌గా, దాని మాస్క్‌తో సహా ఉంటుంది. ఆ మాస్క్ మీద మెత్తటి నల్ల బ్రష్‌తో అంచుల వెంట రుద్దితే పాత గడ్డి పైకి వస్తుంది. నీడ మీదికి మాత్రం బ్రష్ పోనివ్వకండి, పోతే మళ్లీ మొదటి సమస్యకే వస్తాం.

కాళ్ల తప్పుకి బెంచీ మొత్తం మళ్లీ చేయించకండి, మంచి వీపు పోతుంది. ఆ కాలు ఎక్కువైతే దాని చుట్టూ, కింది గడ్డిని కలుపుకుని చిన్న మాస్క్ గీసి, మాటలేమీ రాయకుండా Generate నొక్కండి. మాట లేకపోతే చుట్టూ ఉన్నదాన్ని బట్టి నింపుతుంది, కాలు పోయి గడ్డి వస్తుంది. కాలు విరిగినట్టుంటే అదే చిన్న మాస్క్‌కి wooden bench leg on grass అని ఇవ్వండి. మొదటి మాస్క్‌లో కాలికి దక్కింది కొద్ది పిక్సెళ్లే, ఇప్పుడు మోడల్ వివరమంతా దాని మీదే పడుతుంది. మా కుర్రాడి బెంచీకి ఇలా రెండు కాళ్లు బాగుచేశాం. ఫొటో కింద "ఊహాచిత్రం" అని చిన్న అక్షరాలతో రాయించాను, లేకపోతే ఎవరో ఒకరు నిజమనుకుని కూర్చోడానికి వెళ్తారు.