ఎస్ఓపీ అప్‌లోడ్ చేసే ముందు: ఏ తప్పు ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా పట్టుకోవాలి

ఎమ్మెస్ అప్లికేషన్‌కి ఎస్ఓపీ రాయడం అయిపోయాక అందరూ ఒకే పని చేస్తారు: పై నుంచి కింది దాకా మళ్ళీ మళ్ళీ చదువుతారు. మీరు రాసిందే కాబట్టి కంటికి తప్పు కనబడదు. ఒక్కోసారి ఒక్కో రకం తప్పు కోసమే వెతికితే పని జరుగుతుంది. ముందు కాలాలు, తర్వాత రిపీట్ అయిన మాటలు, ఆ తర్వాత పేర్లు, చివరికి ఫార్మాటింగ్. ఈ వరుస మార్చకండి. పేర్లు సరిచూశాక వాక్యాలు మారిస్తే పేర్లు మళ్ళీ చూడాల్సి వస్తుంది.

ఉదాహరణకి ఒక ఫైల్ అనుకుందాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో బీటెక్ చేసిన విద్యార్థి మొదట యూటీ ఆర్లింగ్టన్‌కి ఎస్ఓపీ రాసుకున్నాడు. ఇప్పుడు దాన్నే మార్చి యూటీ డాలస్‌కి పంపబోతున్నాడు.

సమస్య: ఒకే పేరాలో కాలాలు మారిపోతున్నాయి

మొదటి వాక్యంలో ప్రాజెక్టు ఇంకా నడుస్తోంది, మూడో వాక్యంలో దాని ఫలితాలు వచ్చేశాయి.

దీనికి మామూలుగా కారణం ఫైల్ వయసు. ఆ పేరా ఫైనల్ ఇయర్‌లో రాసింది. అప్పటికి ప్రాజెక్టు సగంలో ఉంది. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగంలో చేరాక కింద రెండు వాక్యాలు కలిపారు, పైవి అలాగే ఉండిపోయాయి. రెండో కారణం మన భాష అలవాటు. "2023 నుంచి పనిచేస్తున్నాను" అనేది తెలుగులో సరైన వాక్యమే. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి తెస్తే ఇలా వస్తుంది:

```
తప్పు: I am working as a developer since 2023.
ఒప్పు: I have been working as a developer since 2023.
```

పరిష్కారం: రెజ్యూమె పక్కన పెట్టుకోండి. అందులో ముగింపు తేదీ ఉన్న ప్రతి పనీ ఎస్ఓపీలో భూతకాలంలో ఉండాలి. ఇప్పటికీ నడుస్తున్నది ఉద్యోగం ఒక్కటే అయితే వర్తమానం దానికే. తర్వాత `currently`, `since`, `will` అనే మూడు మాటల్ని `Ctrl+F`తో వెతకండి. `currently` ఉన్న ప్రతి చోటా, అప్లికేషన్ చదివే రోజుకి కూడా అది నిజమేనా అని చూడండి. అడ్మిషన్ వాయిదా వేసుకుని మరుసటి ఏడాది అదే ఫైల్ పంపేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. `will` దగ్గర, ఎప్పుడో అయిపోయిన డిగ్రీ "వచ్చే మే నెలలో పూర్తవుతుంది" అని మిగిలిపోవడం మామూలే.

సమస్య: చదువుతుంటే అన్న మాటే మళ్ళీ అన్నట్టు ఉంది

సాధారణంగా దొరికే మాటలు `passionate`, `various`, `also`, `knowledge`. వర్డ్‌లో `Ctrl+F` కొట్టి మాట టైప్ చేస్తే ఎన్నిసార్లు వచ్చిందో పక్కనే చూపిస్తుంది. రెండు పేజీల్లో `passionate` నాలుగుసార్లు వచ్చిందంటే, నాలుగు పేరాలు వేర్వేరు రోజుల్లో రాసి ఉంటారు, లేదా వేర్వేరు శాంపిళ్ళు చూసి రాసి ఉంటారు.

చాలామంది ఇక్కడ పర్యాయపదం వెతికి పెడతారు. దాంతో మాట మారుతుంది కానీ విషయం మారదు. ఆ మాట ఉన్న వాక్యం కొట్టేసి చూడండి. పేరాలో ఏమీ తగ్గకపోతే అది అక్కర్లేదు. తగ్గితే, ఆసక్తి అని చెప్పే బదులు ఆ ఆసక్తితో చేసిన పని రాయండి. టెక్నికల్ పదాలకు మాత్రం ఈ నియమం వద్దు. న్యూరల్ నెట్‌వర్క్ అని పదిసార్లు రావాల్సి వస్తే రానివ్వండి. ఒక్కోచోట ఒక్కో పేరు పెడితే వేర్వేరు వస్తువులేమో అనుకుంటారు.

సమస్య: ఒక యూనివర్సిటీ ఎస్ఓపీలో ఇంకో యూనివర్సిటీ ఆనవాళ్ళు

ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. పూర్తి పేరు అందరూ మారుస్తారు. మిగిలిపోయేవి దాని చుట్టూ ఉన్నవి.

మన ఉదాహరణలో `Arlington`, `UTA` మార్చేశాక కూడా మూడు మిగిలాయి. ఒకటి, డిపార్ట్‌మెంట్ పేరు: ఆర్లింగ్టన్‌లో అది కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్, డాలస్‌లో కంప్యూటర్ సైన్స్ మాత్రమే. రెండు, కోర్సు నంబర్లు: ఆర్లింగ్టన్ కోర్సులు `CSE`తో, డాలస్ కోర్సులు `CS`తో మొదలవుతాయి. మూడు, చివరి పేరాలో `Mavericks` అన్న మాట. అది ఆర్లింగ్టన్ విద్యార్థుల పేరు, డాలస్ వాళ్ళు కామెట్స్. పాత యూనివర్సిటీకి సంబంధించిన పేరు, పొట్టి పేరు, ఊరు, డిపార్ట్‌మెంట్, కోర్సు కోడ్, ప్రొఫెసర్ పేర్లు ముందే ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ వెతికి సున్నా వచ్చేదాకా చూడాలి.

రీప్లేస్ ఆల్ నొక్కేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. `UTA` తీసి `UTD` పెట్టమంటే `computational` మధ్యలో ఉన్న `uta` కూడా మారి ఆ పదం పాడవుతుంది. `Match case`, `Find whole words only` రెండూ టిక్ పెడితే ఇది జరగదు. నన్నడిగితే రీప్లేస్ ఆల్ వాడకుండా ఒక్కొక్కటీ చూసి మార్చడమే నయం, ఉండేది ఎన్ని చోట్లని!

కొన్ని పేర్లు చూడ్డానికి ఒకటే, సంస్థలు వేరు. యూనివర్సిటీ ఆఫ్ డాలస్ అనేది అర్వింగ్‌లో ఉన్న వేరే ప్రైవేటు సంస్థ, యూటీ డాలస్ కాదు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ సియాటిల్‌లో ఉంది, వాషింగ్టన్ యూనివర్సిటీ సెయింట్ లూయిస్‌లో ఉంది. నార్త్‌ఈస్టర్న్ బోస్టన్‌ది, నార్త్‌వెస్టర్న్ ఇలినాయిది. పాత పేర్లదీ ఇదే గొడవ. ఇండియానాపొలిస్‌లోని ఐయూపీయూఐ అనే యూనివర్సిటీ 2024లో రెండుగా విడిపోయింది, సీనియర్ల ఫైల్‌లో మాత్రం ఆ పేరు ఇంకా ఉంటుంది. పేరు గూగుల్‌లోంచి కాకుండా ఆ యూనివర్సిటీ సైట్‌లోంచే కాపీ చేసుకోండి. మీ సొంత కాలేజీ పేరు సర్టిఫికెట్ మీద ఎలా ఉంటే అలా.

సమస్య: ఫైల్ తెరిస్తే వేరేలా కనబడుతోంది

ఒక పేరా ఫాంట్ తేడాగా ఉంటే అది వేరే ఫైల్ నుంచి పేస్ట్ అయింది. మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్, సైజు, లైన్ గ్యాప్ ఒక్కసారే పెట్టండి. ట్రాక్ చేంజెస్ ఆన్‌లో ఉంటే అన్నిటినీ అంగీకరించి, కామెంట్లు తీసేశాకే పీడీఎఫ్ చేయండి. లేదంటే అక్క రాసిన "ఇది బాలేదు" అన్న కామెంట్ కూడా పీడీఎఫ్‌లోకి వెళ్ళొచ్చు. అమెరికాకి పంపేటప్పుడు పేపర్ సైజు ఏ4 నుంచి లెటర్‌కి మార్చండి. మార్చాక రెండు పేజీలది మూడో పేజీలోకి ఒక లైన్ జారిందేమో చూడండి.

ఎవరూ చూడని చోటు పేజీ హెడర్. ఇంకా లోతుగా ఫైల్ ప్రాపర్టీస్‌లో `Title` అని ఉంటుంది. పాత ఫైల్‌ని సేవ్ యాజ్ చేసి వాడితే అందులో పాత యూనివర్సిటీ పేరే ఉండిపోవచ్చు. పీడీఎఫ్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే ట్యాబ్ మీద కనబడేది చాలాసార్లు అదే. వర్డ్‌లో `File`, `Info`లోకి వెళ్ళి మార్చి, పీడీఎఫ్ మళ్ళీ చేయండి. ఫైల్ పేరులో ఫైనల్2, ఫైనల్3 ఉంటే తీసేసి మీ పేరు, ఎస్ఓపీ అని పెట్టండి.

పోర్టల్‌లో ఫైల్ బదులు టెక్స్ట్ బాక్స్ ఉంటే బోల్డ్, ఖాళీ లైన్లు పోవచ్చు, లిమిట్ దాటితే చివరి వాక్యం తెగొచ్చు. పేస్ట్ చేశాక బాక్స్‌లోనే చివరి లైన్ దాకా వెళ్ళి చూడాలి. ఫైలైనా సరే, అప్‌లోడ్ అయ్యాక ప్రివ్యూ తెరిచి చదివాకే సబ్మిట్ చేయండి.

సబ్మిట్ చేశాక తప్పు కనబడితే? కామా పోయిందని, ఒక మాట రెండుసార్లు వచ్చిందని టెన్షన్ పడి మెయిల్ పెట్టకండి. యూనివర్సిటీ పేరో ప్రోగ్రామ్ పేరో తప్పైతే మాత్రం అదే రోజు గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ ఆఫీసుకి అప్లికేషన్ ఐడీతో రెండు లైన్ల మెయిల్ రాసి, సరిచేసిన పీడీఎఫ్ జత చేసి, మార్చడం వీలవుతుందా అని అడగండి.